మందు వాసన

మా అక్క కూతురు నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, మైక్రోబయాలజీ. పోయిన నెల ఒకరోజు రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. కాలేజీలో డిబేట్ అట. చీటీ తీస్తే ‘అనుకూలం’ వచ్చిందట. ‘స్వచ్ఛమైన తాగునీటిని ప్రాథమిక హక్కుగా ఉచితంగా అందించాలి’ అన్నది విషయం. ఐదు నిమిషాల టైము. నాలుగో నిమిషంలో ఒక గంట కొడతారు, ఐదో నిమిషంలో రెండు. ఆ తర్వాత మైకు గుంజుకుంటారు.

“నువ్వు పేపర్లకు రాస్తవు గద మామా, నాకు ఐదు నిమిషాలది రాసిస్తే ఏమైతది?” అంది.

రాసివ్వనన్నాను. నువ్వు రాసి పంపు, దిద్దుతానన్నాను. మర్నాటికల్లా వాట్సాప్‌లో నాలుగు పేజీలు వచ్చిపడ్డాయి. నీరు లేనిదే ప్రాణం లేదని మొదలుపెట్టి, ప్రకృతి ఉచితంగా ఇచ్చినదాన్ని అమ్ముకోవడం పాపమని ముగించింది. రెండు వాక్యాలూ కొట్టేశాను. తిండి లేకపోయినా ప్రాణం నిలవదు, అట్లాగని కిరాణా కొట్టాయన పప్పు ఊరికే ఇస్తున్నాడా అని అవతలివాడు ఒక్క మాట అంటే మొదటి పేజీ పోతుంది. ప్రకృతి వాన ఇచ్చింది గానీ పైపు వెయ్యలేదు కదా అంటే చివరి పేజీ కూడా పోతుంది. కొట్టేయడం తేలికే. వాటి బదులు ఏం రాయాలో ఆలోచిస్తూ కూర్చుంటే నాకే నిద్ర పట్టలేదు.

మన భాషలో ఉన్న ఒక సదుపాయం ముందుగా గుర్తొచ్చింది. తాగే నీళ్లను మనం ‘మంచినీళ్లు’ అంటాం. మిగిలినవి వాడుక నీళ్లు. మా ఊళ్లో ఇంటింటికీ రెండు లెక్కలుండేవి. వాడుక నీళ్లు బోరింగు నుంచి, మంచినీళ్లు ఊరవతల బావి నుంచి. అడగడంలోనూ తేడా ఉండేది. గడపలో నిలబడి ‘కాసిని మంచినీళ్లు’ అని అడిగినవాడికి లేదనడం ఇంటికి మంచిది కాదని మా నాయనమ్మ నమ్మకం. ఎండాకాలం వస్తే నాలుగురోడ్ల కాడ చలివేంద్రం, కొత్త కుండలు, మీద తడిగుడ్డ. మంచినీళ్లకు డబ్బు తీసుకోవడమనే ఊహే లేని జాతి మనది. మా కోడలి ప్రసంగానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ ఏముంటుందనుకున్నాను.

తెల్లారి మళ్లీ చదువుకుంటే అందులో లొసుగు కనబడింది. చలివేంద్రం పెట్టేది పుణ్యానికి. పెట్టినవాడు ఈ ఏడు మానేస్తే ఎందుకు మానేశావని దారిన పోయేవాడు నిలదీయలేడు. పుణ్యానికీ హక్కుకూ తేడా అక్కడే ఉంది. అదీగాక ఆ కుండ దగ్గర అందరికీ ఒకే గ్లాసు ఉండేది కాదు. ఊరి మంచినీళ్ల బావిలో అందరి చేదా పడేది కాదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిన ఘోరం మొదలైంది, తాము మంచినీళ్లు తెచ్చుకునే చెరువును పాడుచేస్తుంటే ఇదేమిటని దళితులు అడిగినందుకు. మంచినీళ్లు ఊరికే దొరికే దేశంలో, అడిగే హక్కు లేనివాళ్ల సంగతి అది. కాబట్టి చలివేంద్రాన్ని ప్రసంగంలోంచి తీసెయ్యమన్నాను. తీయనంది, బాగుందంది. ఉంచి, దాని పక్కనే కారంచేడు పెట్టు అన్నాను.

అడగడమంటే గుర్తొచ్చింది. మాది మర్రిగూడ వైపు. ఆ బావి నీళ్లు చూడటానికి అద్దంలా ఉండేవి. వాసన లేదు, రుచికీ బాగానే ఉండేవి. ఫ్లోరైడ్ కంటికీ నాలుకకూ తెలియదు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా సరే. మా దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. జ్వరాలొస్తే డాక్టర్లు కాచి చల్లార్చి తాగమంటారు కదా, ఫ్లోరైడ్‌కు ఆ సలహా తిరగబడుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. మా నాయనమ్మ శ్రద్ధగా కాచి తాగేది. అరవై దాటేసరికి నడుము వంగి నేలను చూస్తూ నడిచేది. నా పళ్ల మీది పసుపు గార చూసి హైదరాబాదులో కొత్తగా పరిచయమైనవాళ్లు గుట్కా అలవాటుందా అని అడుగుతారు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఎక్కువమంది ఫ్లోరైడ్ ఊళ్ల రైతులు, మామూలు మనుషులు. గెలవడానికి కాదు, మా నీళ్ల సంగతి ఢిల్లీకి తెలియాలని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ ఒక్క కాగితంలో పట్టలేదు. ఢిల్లీకి తెలిసింది కూడా. ఆ ఏడాదే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇలాంటి గుంపులు మళ్లీ రాకుండా అన్నమాట. డిపాజిట్ పెంచడానికి నెలలు చాలాయి, కృష్ణ నీళ్లు మా వాకిట్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపు చివరికి మా వీధి దాకా వచ్చింది. దానికి బిల్లు లేదు. మా కోడలి డిబేట్ విషయం మా ఊళ్లో ఎప్పుడో నెగ్గిందన్నమాట.

మరి మా ఊళ్లో ఇంటింటా ఇరవై లీటర్ల క్యాన్ ఎందుకున్నట్టు?

ఇదే ప్రశ్న ఫోన్లో అడిగితే కోడలు తడుముకోకుండా చెప్పింది. “నల్లా నీళ్లు మందు వాసనొస్తయి మామా. మా హాస్టల్ల కూడా అంతే. నల్లా నీళ్లతో స్నానం, క్యాన్ నీళ్లు తాగనీకి.”

కాగితం తీసుకుని లెక్క వేశాను. మనిషికి తాగడానికీ వంటకూ రోజుకు ఐదు లీటర్లు అనుకుందాం. నలుగురున్న ఇంటికి ఇరవై లీటర్లు, అంటే సరిగ్గా ఒక క్యాన్. నెలకు 600 లీటర్లు. మా హైదరాబాదు వీధిలో క్యాన్ ఇంటికి తెచ్చి వేస్తే ఇరవై రూపాయలు. లీటరుకు రూపాయి, నెలకు ఆరు వందలు. ఇవే 600 లీటర్లు నల్లాలో పట్టుకుంటే? ఉచిత పథకం రాకముందు నగరంలో ఇళ్లకు మొదటి మెట్టు ధర వెయ్యి లీటర్లకు పది రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఆ లెక్కన ఆరు రూపాయలు. ఆరు రూపాయల వస్తువుకు ఆరు వందలు! నిజమే, పది రూపాయలన్నది అసలు ఖర్చు కాదు. కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ నగరానికి తేవాలంటే అంతకు కొన్ని రెట్లవుతుంది. ఐదు రెట్లనుకున్నా ముప్పై రూపాయలే.

ఉచితంగా ఇస్తే ఖజానా ఖాళీ అవుతుందని వ్యతిరేకించేవాళ్లు అంటారు. ఖాళీ అవుతున్న జేబు ఎవరిదో ఈ లెక్క చూపిస్తుంది. 2021 జనవరి నుంచి హైదరాబాదులో ఇంటి కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్లు ఉచితం. అందులో నలుగురు తాగి, వండుకునేది 600 లీటర్లు, నూటికి మూడు వంతులు. మిగతా తొంభైఏడూ స్నానాలు, బట్టలు, ఫ్లష్షు, కారు కడగటం. తాగే మూడు వంతులనే జనం నమ్మరు. వాటికోసమే నెలకు ఆరు వందలు పెట్టి క్యాన్ కొంటారు. అంటే సర్కారు వాడుక నీళ్లు ఉచితం చేసింది, మంచినీళ్లు బజారులోనే ఉండిపోయాయి. అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇదొక లెక్క కాదు. పైపే లేక ట్యాంకరు కోసం డ్రమ్ములు వరస పెట్టే బస్తీకి మాత్రం ఉచితమూ అందదు, క్యానూ తప్పదు.

ఇదంతా చెప్పాక కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మా ల్యాబ్‌ల సీసాలున్నయి మామా, రెండింటినీ పరీక్ష చేస్తా” అంది.

ఆ సీసా సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. వేలెడంత సీసా. అడుగున మందు పూసిన చిన్న కాగితం ముక్క. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి వెచ్చని చోట పెడితే, మలంతో కలుషితమైన నీళ్లలో ఉండే రకం బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆ కాగితంలోని ఇనుముతో కలిసి అది నల్లబడుతుంది. ఒక్కోసారి ఒక రోజులోనే తెలుస్తుంది, లేకపోతే రెండు రోజులు. ఎంత ఉందో చెప్పదు, ఏ క్రిమో చెప్పదు. ఉన్నట్టుందని మాత్రం అంటుంది. తీర్పు అనలేం, అనుమానం నమోదైనట్టు.

రెండో రోజు సాయంత్రం ఫొటో పంపింది. నల్లా నీళ్ల సీసా పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. క్యాన్ నీళ్ల సీసా కాకి రెక్కలా నల్లగా ఉంది.

ఒక్క పరీక్షతో క్యాన్లన్నీ మురికివని నేననను. క్యాన్ నింపే ప్లాంటు నుంచి బయటికొచ్చేటప్పుడు నీళ్లు శుభ్రంగానే ఉండి ఉండొచ్చు. ఆర్వో పొర ఫ్లోరైడ్‌నూ ఉప్పునూ సూక్ష్మజీవులనూ ఆపగలదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు, అంటే దారిలో కాపలా ఉండదు. క్యాన్ సరిగ్గా కడిగారో లేదో, మూత తీసినప్పుడు చెయ్యి తగిలిందో, డిస్పెన్సర్ కుళాయిని ఎవరైనా ఎప్పుడైనా తోమారో లేదో, ఏది తేడా వచ్చినా లోపల క్రిములు పెరగడానికి అడ్డు లేదు. నల్లా నీళ్లలో మాత్రం కుళాయి దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని నియమం. చాలా పంచాయతీల్లో క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. నీళ్లలో నాలుగు చుక్కల మందు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు రాకపోతే కాపలా లేనట్టు.

హాస్టల్ పిల్లలు ముక్కు మూసుకునే ఆ మందు వాసన కాపలావాడు మేలుకుని ఉన్నాడని చెప్పే ఈల. ఆ ఈల వినిపించని నీళ్లను డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు. ఈ ముక్క నాకు ఎంత నచ్చిందంటే, ఐదు నిమిషాల ప్రసంగంలో రెండు నిమిషాలు దీనికే ఇమ్మన్నాను.

అయితే జనానికి బుద్ధి లేదనుకోవడం తప్పు. వాళ్ల అపనమ్మకానికి కారణముంది. మన ఊళ్లలో నల్లా రోజూ ఓ గంట వస్తుంది, లేకపోతే రోజు విడిచి రోజు. నీళ్లు రానప్పుడు పైపు ఖాళీ. దాని పక్కనే మురుగు కాలువ. పైపుకు ఎక్కడో పగులు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీరు బయటికి కారుతుంది, ఒత్తిడి పోయిన క్షణం నుంచి బయటి మురుగు లోపలికి కారుతుంది. పైగా ప్రతి ఇంటివాళ్లూ నల్లాకు మోటారు బిగించి గుంజుతారు, దాంతో పగుళ్లలోంచి పీల్పు ఇంకా ఎక్కువ. అందుకే మొదటి పది నిమిషాలు వచ్చే నీళ్లు రంగు తేడాగా ఉంటాయి. అవి చూసిన తల్లి పిల్లకు ఆ నీళ్లు పట్టదు. శుద్ధి కేంద్రంలో ఎంత బాగా వడకట్టినా చివరి వంద గజాల్లో నమ్మకం పోతుంది.

ఇక్కడే మా కోడలి ప్రత్యర్థికి బలమైన ఆయుధం ఉంది. దాన్ని నేనే ఆమెకు ముందుగా చూపించాను. ఒడిశాలోని పూరీ. 2021 జూలై నుంచి ఆ ఊళ్లో ఇరవైనాలుగు గంటలూ నల్లాలో నీళ్లు వస్తున్నాయి, నేరుగా పట్టుకుని తాగేంత శుభ్రంగా. దేశంలో ఊరంతటికీ అట్లా ఇచ్చిన మొదటి నగరం అదే. ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి మురుగు లోపలికి రాదు, ఎవరూ డ్రమ్ముల్లో దాచుకోనక్కర్లేదు. పొదుపు సంఘాల ఆడవాళ్లను ‘జలసాథి’ పేరుతో వీధివీధికీ పెట్టారు. వాళ్లు ఇంటికి వచ్చి ఎదురుగానే నీళ్లు పరీక్షించి చూపిస్తారు. ఆ వెంటనే మీటరు చూసి బిల్లు చేతిలో పెడతారు! అవును, అక్కడ నీళ్లు ఉచితం కాదు. బిల్లు వసూళ్ల మీద వాళ్లకు కమీషన్ కూడా ఉంటుంది.

“అయితే ఓడిపోయినట్టే గద మామా?” అంది కోడలు.

లేదు, కొంచెం తగ్గాలంతే అన్నాను. హక్కు అనే మాటా ఉచితం అనే మాటా డిబేట్ పెట్టినవాళ్లు ఒకే తాడుకు కట్టేశారు గానీ, అవి కవలలేం కాదు. ఐక్యరాజ్యసమితి 2010 జూలై 28న తాగునీరు మానవ హక్కని తీర్మానించింది. 122 దేశాలు అవునన్నాయి, 41 తటస్థంగా ఉన్నాయి, కాదన్న దేశం లేదు. అందులో ఊరికే ఇవ్వాలని లేదు. మన సుప్రీంకోర్టు 2000లో మన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల దగ్గర ఫ్యాక్టరీ పెట్టే కేసులోనే తాగునీరు జీవించే హక్కులో భాగమని, దాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. అక్కడా ధర ప్రస్తావన లేదు. హక్కంటే ముందు చేరడం, తర్వాత శుభ్రత, ఆ తర్వాతే వెల.

వెల దగ్గరికి వచ్చాక ఉచితానికి ఒక కొలత కావాలి. ఆ కొలతతో వచ్చే చిక్కు దక్షిణాఫ్రికా వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నీటి హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్న దేశమది. ఇంటికి నెలకు 6,000 లీటర్లు ఉచితం అన్నారు. జొహానెస్‌బర్గ్ నగరం సోవెటోలోని ఫిరి అనే పేటలో ముందే డబ్బు కట్టే మీటర్లు పెట్టింది. ఆరు వేలు అయిపోగానే నల్లా ఆగిపోతుంది, మళ్లీ డబ్బు వేస్తేనే తెరుచుకుంటుంది. ఆరు వేలంటే రోజుకు 200 లీటర్లు, ఎనిమిది మందికి తలా ఇరవైఐదు. కానీ ఆ పేటలో ఒక వాకిట్లో ఒక సంసారమే ఉండదు. వెనక రేకుల గదుల్లో అద్దెకుండేవాళ్లు ఉంటారు, అందరికీ ఒకటే మీటరు. పదహారు మందైతే తలా పన్నెండున్నర లీటర్లు. బట్టలు పక్కన పెట్టండి, స్నానానికే చాలవు. ఆ పేటవాళ్లు కోర్టుకు వెళ్లారు. 2008లో హైకోర్టు మనిషికి 50 లీటర్లు ఇవ్వమంది. పై కోర్టు 42 అంది. 2009 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం రెండూ కొట్టేసి, కొలత చెప్పడం కోర్టు పని కాదు, నగరం నిర్ణయం అన్యాయంగా లేదు అంది.

పేట ఓడిపోయింది. అయినా ఆ కేసు నడుస్తున్నంత కాలం నగరపాలక సంస్థ ఆ కొలత ఎందుకు పెట్టిందో లెక్కలు విప్పి చెప్పుకోవాల్సి వచ్చింది, పేద ఇళ్లకు అదనపు నీళ్లు ఇచ్చే ఏర్పాట్లు సవరించుకుంటూ పోయింది. చలివేంద్రం పెట్టినవాడిని ఎవరూ అట్లా కోర్టు బోనెక్కించలేరు.

ఇంత విన్నాక మా కోడలు రాసుకున్న ప్రసంగం చివరికి ఇట్లా తేలింది. మనిషి లెక్కన బతకడానికి సరిపడా నీళ్లు ఉచితం, కనెక్షన్ లెక్కన కాదు. మన పల్లెలకు జల్ జీవన్ పెట్టుకున్న కొలత మనిషికి రోజుకు 55 లీటర్లు ఉంది కదా, అక్కడ మొదలుపెట్టండి. అది దాటితే మీటరు, గట్టి ధర. ఆ ధరతో పైపులు బాగుచేసి నీళ్లు ఆగకుండా ఇవ్వండి. ఉచితం అన్నంత మాత్రాన సరిపోదు, వారానికోసారి వీధి నల్లా దగ్గర అందరి ముందూ పరీక్ష చేసి ఫలితం గోడ మీద రాయాలి. నాకు ఒక అనుమానం ఉండిపోయింది. మనిషి లెక్కన అంటే ఒక ఇంట్లో ఎందరున్నారో ఏ కాగితం చూసి తేలుస్తారు? అద్దెవాళ్ల పేర్లు ఇంటి యజమాని రాయిస్తాడా? ఫిరి చిక్కు మన వాడల్లోనూ వస్తుంది. అడిగితే, “గది అవతలోళ్లు అడగాలె, మనం చెప్పద్దు” అంది. డిబేటరు అనిపించుకుంది.

పోటీ రోజున ఆమె రెండు సీసాలూ బల్ల మీద పెట్టి మాట్లాడిందట. ఏది నల్లాది, ఏది క్యాన్‌ది అని జడ్జీలనే అడిగిందట. ముగ్గురిలో ఇద్దరు నల్లది నల్లాదే అన్నారట. పూరీ సంగతి అవతలి అబ్బాయి ఎత్తకముందే తనే ఎత్తేసింది. నాలుగో నిమిషం గంట సోవెటోలో ఉండగా మోగింది, గోడ మీద ఫలితాల ముక్క చెప్పనే లేదు. మూడో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వ్యతిరేకంగా మాట్లాడిన పిల్లకు. ఊరికే వచ్చినదాన్ని మనవాళ్లు బకెట్లకు బకెట్లు పారబోస్తారని ఆ పిల్ల చెప్తుంటే హాలంతా నవ్వారట.

రాత్రి ఫోన్ చేసినప్పుడు బాధపడుతోందేమో అనుకున్నాను. ఆమె ధ్యాస వేరే చోట ఉంది. గదిలో స్టీలు చెంబులో నల్లా నీళ్లు పట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి అరగంట నుంచి పెట్టిందట, వాసన కొంత ఎగిరిపోతుందని. గదిలోని మిగతా ముగ్గురూ మంచాల మీద కూర్చుని చూస్తున్నారట.

ఫోన్లో గుటక వినబడింది.

“ఇంకా కొంచెం వస్తున్నది మామా వాసన,” అంది. “అయినా తాగొచ్చు.”

వెనక నుంచి ఇంకో గొంతు, “ఏదీ, నాకు పొయ్యి,” అంటోంది.